ఆ కిలోన్నర ఎక్కడినుంచి వచ్చింది?

వార్డులో నా మొదటి రోజు పన్నెండు మంది పేషెంట్లను చూశాను. అందులో చాలామంది ముఖాలు ఇప్పుడు గుర్తులేవు. పదకొండో బెడ్ ఆయన మాత్రం చేతి గడియారంతో సహా గుర్తున్నారు. ఆ రోజు ఆయన గురించి నేను రాసిన నోట్ తప్పు. ఇన్నేళ్లయినా అందులోని రెండు లైన్లు అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను: "బరువు 1.5 కిలోలు పెరిగింది. పోషకాహార లోపం రిస్క్ లేదు, వారం తర్వాత మళ్లీ చూడాలి."

డైటెటిక్స్ ఇంటర్న్‌గా చేరి అప్పటికి పది రోజులయింది. ఆ పది రోజులూ ఆసుపత్రి వంటగదిలోనే గడిచాయి. ట్రేలు లెక్కపెట్టడం, ఉప్పు తగ్గించిన భోజనాలను వేరుగా సర్దడం, బెడ్ నంబర్ల చీటీలు అంటించడం, ఇవీ పనులు. పదకొండో రోజు ఉదయం మా సీనియర్ మేడమ్ చేతికి ఒక లిస్టు ఇచ్చి, "ఈ పన్నెండు మంది చేరి వారం కావస్తోంది. వీళ్లకి మళ్లీ స్క్రీనింగ్ చెయ్యాలి. సాయంత్రం నాలుగు గంటలకి నోట్స్ పట్టుకుని రా, నేను చూసి సంతకం పెడతాను" అన్నారు. కొత్త తెల్లకోటు, జేబులో క్యాలిక్యులేటర్, టేపు. టెన్షన్‌తో అరచేతులు తడిసిపోయి పెన్ను జారిపోతుండేది.

స్క్రీనింగ్ అంటే పెద్ద పరీక్షేమీ కాదు. మా ఆసుపత్రిలో వాడే ఫారంలో రెండే ప్రశ్నలు. ఈ మధ్య మీరు కావాలనుకోకుండానే బరువు తగ్గారా? ఆకలి లేక తిండి తగ్గిందా? తగ్గిన కిలోలను బట్టి మార్కులు ఉంటాయి, "తెలియదు" అన్నా రెండు మార్కులు పడతాయి. మొత్తం కనీసం రెండు వస్తే డైటీషియన్ పూర్తిగా పరీక్షించాలి. నర్సు ఒక్క నిమిషంలో అడిగేలా తయారుచేసిన ఫారం అది. ఇప్పటికీ అది మంచి ఫారమే అంటాను. కాకపోతే పేషెంట్ తన బరువు గురించి తనకు తెలుసని నమ్ముతూ, ఆ నమ్మకం తప్పయినప్పుడు ఆ తప్పు దానికి కనిపించదు.

పదకొండో బెడ్ ఆయనకి యాభై నాలుగేళ్లు. లివర్ సిర్రోసిస్. పొట్టలో నీరు చేరిందని చేర్చుకున్నారు. దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. దుప్పటి కింద పొట్ట ఎత్తుగా, గట్టిగా ఉంది. పక్కన స్టూలు మీద ఆయన భార్య.

"బరువేమైనా తగ్గారా అండీ?" అని అడిగాను.

"లేదమ్మా. నేనెప్పుడూ డెబ్బై, డెబ్బై రెండు మధ్యే. ఆర్నెల్ల కింద కూడా డెబ్బై రెండే."

"ఆకలి ఎలా ఉంది? తింటున్నారా?"

"బాగానే తింటున్నానమ్మా."

ట్రే వైపు చూశాను. ఖాళీగా ఉంది. నర్సుల చార్టులో ఆరు రోజులకీ "భోజనం తీసుకున్నారు" అని ఉంది. చేరిన రోజు బరువు 69.5 కిలోలు, ఆ ఉదయం 71. ఎత్తు 168 సెంటీమీటర్లు. క్యాలిక్యులేటర్ తీసి లెక్కేస్తే బీఎంఐ 25 వచ్చింది. స్క్రీనింగ్ స్కోర్ సున్నా. చేరిన రోజు నర్సు వేసిన స్కోర్ కూడా సున్నానే. బరువు పెరుగుతోంది, ట్రే ఖాళీ అవుతోంది, ఇంకేం కావాలి అనుకున్నాను. లేచి వెళ్లబోతుంటే ఆయన గడియారం మోచేతి వైపు జారింది. ఆయన దాన్ని మణికట్టు దాకా లాక్కున్నారు. తోలు పట్టీకి కంపెనీ వేసిన రంధ్రాలు అయిపోయాక, మేకుతో పొడిచినట్టున్న కొత్త రంధ్రం ఒకటి ఉంది. అది నా కంటపడింది. చూశాను, వెళ్లిపోయాను. ఆ రోజు మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. ఫారంలో గడియారం గురించి ప్రశ్న లేదు మరి.

నాలుగు గంటలకి మేడమ్ నోట్స్ ఒక్కొక్కటే చూస్తూ సంతకాలు పెడుతున్నారు. పదకొండో బెడ్ దగ్గర పెన్ను ఆగింది.

"ఆరు రోజుల్లో కిలోన్నర పెరిగారా?"

"అవును మేడమ్."

"ఆ కిలోన్నర ఎక్కడినుంచి వచ్చింది?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు. "ఒక కిలో కొవ్వు చేరాలంటే శరీరానికి అవసరమైనదానికన్నా ఏడు వేల కేలరీలకి పైన అదనంగా తినాలి. కిలోన్నరకి పది వేలు దాటుతుంది. లివర్ జబ్బుతో మంచం మీద ఉన్న మనిషి, ఆసుపత్రి భోజనంతో, ఆరు రోజుల్లో అంత అదనంగా తినగలడా? తినలేడు. తిండితో రాని బరువు ఇంక దేంతో వస్తుంది?"

"నీటితో" అన్నాను. ఆ మాట నోటినుంచి వస్తుండగానే నా కడుపులో ఏదో జారిపోయినట్టయింది.

"పద, వెళ్లి చూద్దాం" అన్నారు.

మేడమ్ ముందు ఆయన్ని పలకరించి, చెయ్యి పట్టుకుని చూడొచ్చా అని అడిగారు. తర్వాత నన్ను పక్కన నిలబెట్టి పైనుంచి కిందికి చూపిస్తూ వచ్చారు. కణతల దగ్గర రెండు వైపులా గుంటలు. చొక్కా మెడ కొంచెం పక్కకి జరిపితే కాలర్ బోన్ కడ్డీలా పొడుచుకొచ్చి ఉంది. భుజం గుండ్రంగా కాకుండా మూల తిరిగినట్టు ఉంది. "బొటనవేలు, చూపుడువేలు చివర్లు కలిపి నొక్కండి" అని ఆయనకి చెప్పి, ఆ రెంటి మధ్య కండని నన్ను ముట్టుకోమన్నారు. బాగున్న మనిషికి అలా నొక్కినప్పుడు అక్కడ కండ ఉబుకుతుంది. ఆయనకి చర్మం కింద గుంట తగిలింది. తొడని రెండు చేతులతో పట్టుకుంటే ఎముక మీద వదులుగా వేలాడే కండ కొద్దిగానే ఉంది. కింద పాదాల దగ్గర మాత్రం నిండుగా కనిపించింది. మేడమ్ చీలమండ పైన బొటనవేలితో అయిదు సెకన్లు నొక్కి తీస్తే చిన్న గుంట పడి, మెల్లగా పూడింది. "అందుకే నీరున్నవాళ్లలో కాలు చూసి కండ ఉందనుకోకూడదు. భుజాలు, కణతలు, చేతులు చూడు. నీరు కిందికి దిగుతుంది, అక్కడ చేరదు" అన్నారు.

తర్వాత గ్రిప్ మీటర్ ఇచ్చి గట్టిగా పిండమన్నారు. మూడుసార్లు పిండితే ఎక్కువగా వచ్చింది 17 కిలోలు. మగవాళ్లలో 27 కన్నా తక్కువైతే బలం తగ్గినట్టే లెక్క. ఆయన సిగ్గుపడినట్టు నవ్వి, "ఈ మధ్య సీసా మూత తీయడం కూడా మా ఆవిడ పనే" అన్నారు.

తిండి గురించి కూడా మేడమ్ నేను అడిగినట్టు అడగలేదు. "పొద్దున్న ట్రేలో ఏమేం వచ్చాయి? మొదట ఏం తిన్నారు? ఎన్ని చెంచాలయ్యాక ఇంక చాలనిపించింది?" అని నెమ్మదిగా అడుగుతూ పోయారు. ఆయన నాలుగైదు చెంచాలకే పొట్ట నిండిపోతుందన్నారు. నీరు పొట్టని నొక్కుతుంటే అంతకన్నా పట్టదు. మరి ఖాళీ ట్రే? భార్య తలవంచుకుని, "పారేస్తే తప్పు కదమ్మా అని మిగిలింది నేను తింటున్నాను" అన్నారు. రాత్రింబవళ్లు ఆ స్టూలు మీదే ఉన్న మనిషి ఆవిడ. ఆవిడ భోజనం సంగతి అప్పటిదాకా మాలో ఒక్కరూ అడగలేదు. పైగా ఆ వారంలో రెండు రోజులు ఎండోస్కోపీ కోసమని ఆయన్ని పొద్దుటినుంచి ఏమీ తిననివ్వలేదు. రెండుసార్లూ సాయంత్రమయ్యాక పరీక్ష వాయిదా వేశారు. ఆ రెండు రోజులు కూడా చార్టులో "భోజనం తీసుకున్నారు" అనే ఉంది. ఎందుకంటే రాత్రి ట్రే వెళ్లింది, ఖాళీగా తిరిగి వచ్చింది.

ఇంకో సంగతి కూడా బయటపడింది. కొన్ని నెలల కింద ఎవరో ఆయనకి లివర్ జబ్బుకి ప్రొటీన్ మంచిది కాదని, పాలు, గుడ్డు, మాంసం మానేయమని చెప్పారట. అప్పటినుంచి ఆయన మానేశారు. ప్రొటీన్ తింటే అమ్మోనియా పెరిగి తెలివి తప్పుతుందన్న భయంతో ఒకప్పుడు అలాగే చెప్పేవాళ్లు. కానీ అమ్మోనియాని శుద్ధి చేసే పనిలో లివర్‌కి సాయం చేసేది కండే. ప్రొటీన్ ఆపితే ఆ కండే కరుగుతుంది. సిర్రోసిస్‌లో ప్రొటీన్ తగ్గించకూడదని, ఇంకా ఎక్కువే కావాలని ఇప్పుడు మార్గదర్శకాలు చెబుతున్నాయి.

డెస్క్ దగ్గర కూర్చుని మేడమ్ నాతోనే లెక్క వేయించారు. పొట్ట బిగుసుకుపోయేంత నీరుంటే సుమారు 14 కిలోలు, పాదాల్లో కొద్దిపాటి వాపుకి ఒక కిలో తీసేస్తారు. 71 లోంచి 15 తీస్తే 56. అది ఆయన పొడి బరువు, అంటే నీరు లేని బరువు. బీఎంఐ మళ్లీ లెక్కేస్తే 20 కి కాస్త తక్కువ. "ఇది చూసినా చాలామంది ఫరవాలేదనే అంటారు" అన్నారు మేడమ్. "అందుకే బీఎంఐ దగ్గర ఆగకు. ఆర్నెల్ల కింద ఎంత?" డెబ్బై రెండు. పదహారు కిలోలు పోయాయి. నూటికి ఇరవై రెండు వంతులు. ఆరు నెలల్లో పది శాతం దాటితేనే తీవ్రమైన లోపం అంటాం. తర్వాత 2019 లో పోషకాహార లోపాన్ని నిర్ధారించడానికి వచ్చిన గ్లిమ్ ప్రమాణాల్లోనూ ఆ హద్దు అదే. ఆ లెక్క పూర్తయ్యాక పెన్ను కింద పెట్టి చాలాసేపు కాగితం వైపే చూస్తుండిపోయాను. అదే మనిషి పొద్దున నా ఫారంలో సున్నా.

రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ 2.4 ఉందని, అది తక్కువ కాబట్టి ముందే పట్టుకోవాల్సిందని నేనేదో అన్నాను. మేడమ్ తల అడ్డంగా ఊపారు. అల్బుమిన్ తయారుచేసేదే లివర్. లివర్ పాడైనా, ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్నా అది పడిపోతుంది. తిండి లేకుండా చిక్కి శల్యమైన మనిషిలో మామూలుగానే ఉండొచ్చు కూడా. దాన్నిబట్టి పోషణ గురించి ఏమీ చెప్పలేం. "కాగితం మీద కనిపించే అంకెల కోసం వెతక్కు. ఆయన చెయ్యి నీ ముందే ఉంది" అన్నారు.

నా నోట్ మీద మేడమ్ అడ్డగీత గీయలేదు. కొత్త నోట్ నా చేతే రాయించి, పాతదాన్ని అలాగే ఉంచి, కింద "పునఃపరిశీలనలో మారింది" అని రాసి ఇద్దరం సంతకం పెట్టాం. తర్వాత వెళ్లి డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడాం.

ఆయనకి కావలసింది లెక్క ప్రకారం రోజుకి కిలోకి 30 నుంచి 35 కేలరీలు, అంటే 1,700 నుంచి 1,950 దాకా. ప్రొటీన్ కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 67 నుంచి 84 గ్రాములు. చెంచాలు లెక్కేసి చూస్తే ఆయన నిజంగా తింటున్నది అయిదు వందల కేలరీల చుట్టూ ఉంది. నాకైతే ఆ రాత్రే అంతా పెట్టేయాలనిపించింది. మేడమ్ ఆపారు. ఇన్నాళ్లు అరకొరగా తిన్న ఒంటికి ఒక్కసారిగా పిండిపదార్థాలు అందితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి దూసుకుపోతాయి. రక్తంలో అవి పడిపోతే గుండె లయ తప్పొచ్చు, ఊపిరి తీసుకునే కండరాలు బలహీనపడొచ్చు. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. మూడు నుంచి ఆరు నెలల్లో 15 శాతానికి మించి బరువు పోయిందంటే ఆ ఒక్క కారణంతోనే ఎక్కువ రిస్క్‌లో ఉన్నట్టు. అందుకే ముందు రక్తపరీక్ష, థయామిన్ అనే విటమిన్, ఆ తర్వాత కొద్దికొద్దిగా కేలరీలు పెంచడం. మొదటి రోజు కిలోకి పది కేలరీలు, అంటే ఆయన తింటున్నదానికన్నా కాస్తే ఎక్కువ. తేడా ఏంటంటే ఈసారి అది నిజంగా ఆయన పొట్టలోకి వెళ్లాలి.

మూడు పెద్ద ట్రేలు ఆపేసి ఆరు చిన్నవి చేశాం. ఆరోది రాత్రి పది గంటలకి. పడుకునే ముందు తినే ఆ కాస్త తిండి గురించి మేడమ్ చెప్పింది విని ఆశ్చర్యపోయాను. మామూలు లివర్ రాత్రంతా సరిపడా గ్లూకోజ్‌ని గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. సిర్రోసిస్ లివర్‌కి ఆ గది చాలా చిన్నది. రాత్రి భోజనానికీ ఉదయం టిఫిన్‌కీ మధ్య గడిచే ఆ ఒక్క రాత్రి, ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తున్నదానితో సమానం. గ్లూకోజ్ కోసం శరీరం కండని కరిగించుకుంటుంది. ప్రతి రాత్రీ. ఎండోస్కోపీ వాయిదా పడిన ఆ రెండు రోజులు ఆయన ఒంట్లో ఏం జరిగి ఉంటుందో అప్పుడు అర్థమైంది. ఇంకోసారి పరీక్ష వాయిదా పడితే వెంటనే వంటగదికి ఫోన్ చేయాలని బెడ్ దగ్గర చీటీ రాసి పెట్టాను. ఆయన భార్యకి వేరుగా భోజనం పంపే ఏర్పాటు కూడా ఆ సాయంత్రమే చేయించారు మేడమ్. లేకపోతే మన లెక్కలన్నీ మళ్లీ తప్పుతాయి అన్నారు.

మర్నాడు పొట్టలోంచి ఎనిమిది లీటర్ల నీరు తీశారు. సాయంత్రం బరువు 63. ఆయన నిట్టూర్చి, "అమ్మయ్య, ఊపిరి ఆడుతోంది" అన్నారు. ఆ రాత్రి మొదటిసారి ట్రేలో ఇచ్చిందంతా తిన్నారు. మూడో రోజు ఫాస్ఫేట్ 2.3 నుంచి 1.8 కి పడింది. పెంచడం అక్కడే ఆపి, ఫాస్ఫేట్ ఇచ్చి, రెండు రోజులు అదే మోతాదు మీద ఉంచి, సర్దుకున్నాక ముందుకెళ్లాం. నేనే ఆ మొదటి రోజు రాత్రి రెండు వేల కేలరీలు పెట్టించి ఉంటే ఏమయ్యేదో అని ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. మరో పది రోజులు మందులతో నీరు తగ్గి బరువు 59 దగ్గర నిలిచింది. అందులో ఇంకా ఒక కిలో దాకా నీరే అనుకున్నాం. అంటే మేం వేసిన 56 అంచనా రెండు కిలోలు తప్పింది. ఆ 14 కిలోల లెక్క అంతకన్నా కచ్చితంగా చెప్పలేదు కూడా. కానీ 58 అనుకున్నా పోయింది పంతొమ్మిది శాతం.

ఇంటికి వెళ్లే రోజు బరువు చూసి ఆయన భార్య కంగారుపడ్డారు. "వచ్చినప్పుడు డెబ్బై ఉన్నారు, ఇప్పుడు యాభై తొమ్మిదా? మీరింత పెడుతుంటే ఇంకా చిక్కిపోయారేంటమ్మా?" అన్నారు. ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుని, ఆయన చెయ్యి ఆవిడ చేతికిచ్చి, రెండు వేళ్ల మధ్య ఎక్కడ నొక్కి చూడాలో చూపించాను. ఇంట్లో తూకం కన్నా ముందు ఇది చూడమన్నాను. పొద్దున లేవగానే తూచి, రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే సంతోషపడకుండా వెంటనే రమ్మన్నాను. రాత్రి పది గంటల తిండి ఒక్కరోజు కూడా మానొద్దన్నాను.

ఆరు వారాల తర్వాత ఓపీకి వచ్చారు. తూకం మీద 60.5 చూపించింది. నేను పెన్ను తీయలేదు. ముందు చీలమండ పైన అయిదు సెకన్లు నొక్కాను, గుంట పడలేదు. పొట్ట మెత్తగా ఉంది. గ్రిప్ మీటర్ మూడుసార్లు పిండితే 20 వచ్చింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కమంటే ఆ మధ్యన కొంచెంగా, చాలా కొంచెంగా, కండ ఉబికింది. అప్పుడు రాశాను, కిలోన్నర పెరిగారని.